గాలి తీసేస్తే మిగిలే టైమ్

100 మీటర్ల పరుగు: పాలమూరు సెలక్షన్స్‌లో 10.92 సెకన్లు, బెంగళూరు మీట్‌లో 10.98, గుంటూరులో 11.02. ముగ్గురు కుర్రాళ్లు, మూడు ఊళ్లు, ఒకే నెల. వీళ్లలో ఒక్కరినే పైమీట్‌కు పంపాలంటే రిజిస్టర్ చూసి ఎవరైనా మొదటి పేరే టిక్కు పెడతారు. ఈ మూడు అంకెలూ ఇక్కడ లెక్క చూపించడం కోసం వేసుకున్నవే. కానీ ఇలాంటి రిజిస్టర్లు నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రతి సీజన్‌లో తయారవుతాయి, ఇలాగే టిక్కులు పడతాయి. టైమ్ పక్కన ఉన్న మరో చిన్న అంకెను చాలామంది చూడరు. అది గాలి రీడింగ్. దాన్ని లెక్కలోకి తీసుకుంటే ఈ ముగ్గురి వరుస పూర్తిగా తలకిందులవుతుంది.

అదెలాగో చూడాలంటే గాలి రన్నర్‌ను ఎలా ఆపుతుందో కొంచెం తెలియాలి. 100 మీటర్లు 10 సెకన్లలో పరిగెత్తేవాడి సగటు వేగం సెకనుకు 10 మీటర్లు. చెట్టు ఆకు కూడా కదలని రోజున కూడా అతని ఒంటికి సెకనుకు 10 మీటర్ల గాలి తగులుతుంది, అది అతను పుట్టించుకున్న గాలే. బైకు మీద వెళ్తుంటే చొక్కా రెపరెపలాడినట్టు. వెనక నుంచి సెకనుకు 2 మీటర్ల గాలి వస్తే అతనికి తగిలేది 8 మీటర్ల గాలి. అదే 2 మీటర్లు ఎదురుగా వస్తే తగిలేది 12. గాలి వెనక్కి నెట్టే బలం ఈ అంకెకు కాదు, దాని వర్గానికి అనులోమంగా ఉంటుంది. గాలి లేనప్పుడు ఆ బలం 100 అనుకుంటే, వెనకగాలిలో 64, ఎదురుగాలిలో 144. ఒకవైపు 36 తగ్గింది, మరోవైపు 44 పెరిగింది. అంటే వెనకగాలి ఇచ్చేదాని కంటే అంతే వేగమున్న ఎదురుగాలి లాక్కునేది ఎక్కువ. ప్లస్ 2కూ మైనస్ 2కూ ఒకే అంకె కూడి, ఒకే అంకె తీసేసే లెక్కలు ఇక్కడే తప్పుతాయి.

ఈ సంగతినంతా ఒక్క వరుసలోకి తెచ్చిన సూత్రం జె. ఆర్. మురైకా అనే భౌతిక శాస్త్రవేత్తది, 2001 నాటిది. కంప్యూటర్‌లో ఎక్సెల్ షీట్ ఉంటే, A2 గడిలో టైమ్, B2లో గాలి వేగం సెకనుకు మీటర్లలో, వెనకగాలైతే ప్లస్, ఎదురుగాలైతే మైనస్, C2లో సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో వేసి, పక్క గడిలో ఇది రాస్తే చాలు:

```
=A2*(1.03-0.03*EXP(-0.000125*C2)*(1-B2*A2/100)^2)
```

వచ్చేది సముద్ర మట్టంలో, గాలి లేకుండా అదే పరుగు ఎంతలో అయ్యేదో ఆ టైమ్. సూత్రంలోని ముక్కలు చూస్తే భయపడాల్సిందేమీ లేదు. చివర్లో ఉన్న వర్గం పైన చెప్పుకున్న 64, 144 లెక్కే. గాలి వేగం రన్నర్ సగటు వేగంలో ఎంత భాగమో చూసి, దాన్ని 1లోంచి తీసి, వర్గం చేస్తుంది. 0.03 అంటే మొత్తం మీద గాలి తినేసే వాటా: గాలి అనేదే లేని శూన్యంలో పరిగెత్తితే టైమ్ దాదాపు 3 శాతం తగ్గుతుందని. మధ్యలో ఉన్న EXP ముక్క ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఎంత పలచబడుతుందో చెప్తుంది. గాలి సున్నా, ఎత్తు సున్నా వేస్తే బ్రాకెట్‌లో సరిగ్గా 1 మిగులుతుంది, టైమ్ మారదు. సూత్రం సరిగ్గా టైపు చేశామో లేదో చూసుకోవడానికి ఇదే మొదటి పరీక్ష.

ఇక మన ముగ్గురు. పాలమూరు ఎత్తు సుమారు 498 మీటర్లు, ఆ రోజు గాలి +2.8. బెంగళూరు 920 మీటర్లు, గాలి +0.4. గుంటూరు 30 మీటర్లు, అక్కడ మాత్రం ఎదురుగాలి, −0.9.

పాలమూరు 10.92తో మొదలుపెడదాం. 2.8ని 10.92తో గుణించి 100తో భాగిస్తే 0.306. 1లోంచి తీస్తే 0.694, దాని వర్గం 0.482. 498 మీటర్ల ఎత్తుకు EXP ముక్క 0.940. ఈ రెండింటినీ 0.03తో గుణిస్తే 0.0136. 1.03లోంచి అది పోగా 1.0164. దాన్ని 10.92తో గుణిస్తే 11.10. అంటే గాలి, ఎత్తు కలిసి ఆ కుర్రాడికి 0.18 సెకను ఇచ్చాయి.

ఇదే పద్ధతిలో బెంగళూరు 10.98 కాస్తా 11.04 అవుతుంది. గుంటూరు 11.02 వెనక్కి వెళ్లదు, ముందుకొస్తుంది: 10.95. ఎదురుగాలిని చీల్చుకుని పరిగెత్తినవాడికి పోయిన టైమ్‌ను సూత్రం తిరిగిచ్చింది. రిజిస్టర్‌లో ఆఖరున ఉన్నవాడు మొదటికి వచ్చాడు, మొదట ఉన్నవాడు ఆఖరికి పోయాడు. గుంటూరు, పాలమూరు కుర్రాళ్ల మధ్య అసలు తేడా 0.15 సెకను. ఫినిష్ లైన్ దగ్గర అది మీటరు మీద మూడో వంతు దూరం. ఫొటో ఫినిష్ అక్కర్లేకుండా కంటికి కనిపించే తేడా.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పని అంతా చేసింది గాలే, ఎత్తు కాదు. పాలమూరు ఎత్తు వల్ల 11 సెకన్ల పరుగులో కలిసొచ్చేది 0.02 సెకను. నల్లగొండ దానికంటే కొంచెం కింద, సుమారు 420 మీటర్లు. ఈ రెండు ఊళ్ల మధ్య ఎత్తు వల్ల వచ్చే తేడా సెకనులో వెయ్యోవంతుల్లో ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. బెంగళూరుకు వెళ్తే 0.035 దాకా వస్తుంది. ఎత్తు నిజంగా మాట్లాడాలంటే మెక్సికో సిటీ అంత ఉండాలి, 2,240 మీటర్లు. మన దేశంలో అంత ఎత్తంటే ఊటీ గుర్తొస్తుంది. 1968 ఒలింపిక్స్‌లో జిమ్ హైన్స్ ఆ మెక్సికో సిటీలోనే +0.3 గాలిలో 9.95 పరిగెత్తాడు. సూత్రం దాన్ని 10.04 చేస్తుంది. పది సెకన్ల గీత దాటించింది చాలావరకు అక్కడి పలచటి గాలే. కాబట్టి మన జిల్లాల లోపలి మీట్‌లను పోల్చేటప్పుడు ఎత్తు గడిని ఖాళీగా వదిలేసినా కొంప మునగదు. గాలి గడి ఖాళీగా ఉంటే మాత్రం పోలికకే అర్థం లేదు.

ఎత్తు గురించి అంటున్నప్పుడు ఎండ గురించీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ సూత్రంలో ఎండ లేదు. గాలి పలచబడడానికి కొండెక్కనక్కర్లేదు, వేడెక్కినా చాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో నల్లగొండలో 44 డిగ్రీలున్న మధ్యాహ్నం, డిసెంబరు పొద్దున 18 డిగ్రీలున్నప్పటి గాలి కంటే సుమారు 8 శాతం పలచగా ఉంటుంది. అంటే ఊరు కదలకుండానే దాదాపు 700 మీటర్లు పైకి లేచినట్టు. టైమ్‌లో దాని విలువ సుమారు 0.025 సెకను. చిన్నదే, కానీ నల్లగొండకూ బెంగళూరుకూ ఎత్తు వల్ల వచ్చే తేడా కంటే ఎక్కువ. ఎత్తును శ్రద్ధగా వేసి, వేసవి మీట్‌నూ చలికాలం మీట్‌నూ పక్కపక్కన పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎండకు ఒళ్లు ఎలా ఉంటుందన్నది వేరే సంగతి, ఇక్కడ మాట్లాడేది గాలి సాంద్రత గురించి మాత్రమే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి రావాలి. గాలి రీడింగ్‌ను ఎంతవరకు నమ్మాలి?

విండ్ గేజ్‌ను ఫినిష్ లైన్‌కు 50 మీటర్ల ఇవతల, ఒకటో లేన్ పక్కన, ట్రాక్‌కు 2 మీటర్ల లోపు, నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తులో పెడతారు. 100 మీటర్ల రేసులో గన్ పేలినప్పటి నుంచి 10 సెకన్ల సగటు తీసుకుంటుంది. ఇందులో మూడు సంగతులు దాగున్నాయి. ఒకటి, గేజ్ ఒక్కచోటే ఉంది, రన్నర్ 100 మీటర్లలో ఎక్కడైనా ఉండొచ్చు. రెండు, అది ఒకటో లేన్ పక్కన ఉంది, ఎనిమిదో లేన్ దానికి దాదాపు పది మీటర్ల అవతల. ఒకవైపు గ్యాలరీ ఉన్న స్టేడియంలో ఆ నీడలో గాలి ఒక రకంగా, అవతలి వైపు ఇంకో రకంగా ఉండడం మామూలే. మూడు, 11.5 సెకన్లు పరిగెత్తే పిల్లకు చివరి సెకనున్నరలో వీచిన గాలి లెక్కలోకే రాదు. అందుకని రీడింగ్‌లో అర మీటరు అటూ ఇటూ ఉండొచ్చనుకుంటే, సరిచేసిన టైమ్‌లో 0.03 నుంచి 0.04 సెకను అటూ ఇటూ ఉంటుంది. సరిచేశాక ఇద్దరి మధ్య 0.05 లోపే తేడా మిగిలితే ఇద్దరూ సమానమనే అనుకోవాలి. సూత్రం మూడు దశాంశాలు చూపిస్తుంది కదా అని మూడో అంకె మీద సెలక్షన్ చేయడం సూత్రాన్ని అవమానించడమే.

రీడింగ్ మొత్తానికే తప్పయితే ఎలా కనిపెట్టాలి? దీనికి ప్రపంచంలోనే పెద్ద ఉదాహరణ మహిళల 100 మీటర్ల రికార్డు. 1988 జులై 16న ఇండియానాపొలిస్‌లో, అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ క్వార్టర్ ఫైనల్లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 పరిగెత్తింది. గేజ్ చూపించింది 0.0. అదే సమయంలో పక్కన ట్రిపుల్ జంప్ దగ్గరున్న గేజ్ 4.3 చూపించింది. మర్నాడు ఫైనల్లో ఆమె టైమ్ 10.61, గాలి +1.2. ఇప్పుడు ఆ ఊరి ఎత్తు, సుమారు 220 మీటర్లు, కలిపి సూత్రంలో వేసి చూడండి. గేజ్‌ను నమ్మితే క్వార్టర్ ఫైనల్ 10.50, ఫైనల్ 10.69. ఫైనల్లో, సర్వశక్తులూ పెట్టే రేసులో, ముందు రోజు కంటే 0.19 సెకను నెమ్మదిగా పరిగెత్తిందనుకోవాలి. అదే క్వార్టర్ ఫైనల్లో గాలి నిజానికి +5 అని వేస్తే 10.74 వస్తుంది, ఫైనల్ పక్కన చక్కగా ఒదుగుతుంది. రికార్డు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, పుస్తకంలో 0.0 అనే ఉంది.

జిల్లా మీట్‌కు కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది. ఒక హీట్‌లో ఎనిమిది మందిలో ఆరుగురు తమ జీవితకాలపు ఉత్తమ టైమ్ చేసి, గాలి మాత్రం +0.2 అని ఉంటే అనుమానించాల్సింది కుర్రాళ్లను కాదు, గేజ్‌ను. అంతకంటే మామూలుగా జరిగే తప్పు ఇంకొకటుంది. రిజల్ట్ షీట్ టైపు చేసేటప్పుడు మైనస్ గుర్తు ఎగిరిపోవడం. −2.1 కాస్తా 2.1 అయితే 11 సెకన్ల రన్నర్‌కు సరిచేసిన టైమ్‌లో 0.30 సెకను తేడా వస్తుంది. ఎదురుగాలిలో ఎదురీదినవాడు రికార్డుల్లో గాలివాటపు రన్నర్‌గా మిగిలిపోతాడు. హీట్‌లో అందరి టైమ్‌లూ వాళ్ల మామూలు కంటే నెమ్మదిగా ఉండి, షీట్‌లో గాలి ప్లస్‌లో ఉంటే ఆ గుర్తు పోయిందేమో అడగాలి.

ఇంతా చెప్పాక, మండల స్థాయిలో, చాలా జిల్లా మీట్‌లలో గేజే ఉండదన్నది నిజం. అలాంటి షీట్ల మీద గాలి గడిలో `NWI` అని రాస్తారు, గాలి వివరం లేదని. చాలాచోట్ల అదీ రాయరు, ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీని సున్నాగా తీసుకోకూడదు. ఎక్సెల్ మాత్రం సున్నాగానే తీసుకుంటుంది, ఏమీ అనదు, అదే ప్రమాదం. ఆషాఢంలో పడమటి గాలి ఎలా తోస్తుందో పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో తూర్పుకు పరిగెత్తే ట్రాక్ మీద వచ్చిన టైమ్, గేజ్ లేకపోయినా, వెనకగాలి టైమ్ అనే అనుమానంతో చూడాల్సిందే. కానీ కంటి అంచనాతో "మూడు మీటర్లుంటుంది సార్" అని సూత్రంలో వేయడం మంచి పని కాదు. ఫినిష్ దగ్గర జెండా గుడ్డ ఎటు ఎగిరిందో రాసిపెట్టుకోవచ్చు. దాన్ని అంకెగా మార్చకూడదు.

గేజ్ లేని చోట సాధారణంగా స్టాప్‌వాచే ఉంటుంది, దాని గొడవ గాలి గొడవ కంటే పెద్దది. పీఈటీ సార్ గన్ పొగ చూసి వాచ్ నొక్కేసరికే కొంత ఆలస్యమవుతుంది. ఫినిష్ మాత్రం ముందే కనిపిస్తూ వస్తుంది కాబట్టి అక్కడ అంత ఆలస్యం కాదు. అందుకే చేతి టైమ్ మామూలుగా తక్కువగా వస్తుంది. 100 మీటర్ల చేతి టైమ్‌ను ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చడానికి 0.24 సెకను కలపాలన్నది అథ్లెటిక్స్‌లో వాడే లెక్క. చేతి టైమ్ 10.9 అంటే ఎలక్ట్రానిక్‌లో 11.14. 11 సెకన్ల రన్నర్‌కు +2 గాలి ఇచ్చేది సుమారు 0.13. అంటే ఒక్క స్టాప్‌వాచ్ రెండు మీటర్ల గాలిని మించి ఇస్తోంది. కనుక రిజిస్టర్ ముందు కూర్చున్నవాళ్లు మొదట అడగాల్సింది గాలి గురించి కాదు, వాచ్ గురించి. ఆ రెండు రకాల టైమ్‌లను ఒకే నిలువు వరుసలో రాయకుండా ఉంటే చాలు, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. మట్టి ట్రాక్, సింథటిక్ ట్రాక్ తేడా కూడా సూత్రం చెప్పదు.

సూత్రానికి మరికొన్ని హద్దులున్నాయి. ఇది ప్రపంచ స్థాయి మగ స్ప్రింటర్ల ఒంటి కొలతల మీద తయారైంది. 2 మీటర్ల వెనకగాలి అలాంటి మగవాళ్లకు 0.10 సెకను ఇస్తే ఆడవాళ్లకు 0.12 ఇస్తుందని నిక్ లింథోర్న్ అనే పరిశోధకుడు 1994లో అంచనా వేశాడు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు గాలిలో ఎక్కువసేపు ఉంటారు కాబట్టి వాళ్లకు లాభమూ నష్టమూ రెండూ ఎక్కువే. 200 మీటర్లకు దీన్ని వాడకూడదు. అక్కడ వంపు ఉంది, వంపులో ఎదురైన గాలే స్ట్రెయిట్‌లో వెనక నుంచి తోస్తుంది, గేజ్ మాత్రం స్ట్రెయిట్‌నే కొలుస్తుంది. 400లో అసలు గాలే కొలవరు.

హర్డిల్స్‌లో వ్యవహారం ఇంకా వేరు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09లో పూర్తిచేసింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధ బిస్వాల్ 2002లో చేసిన 13.38. అయినా 13.09 రికార్డు కాలేదు, ఎందుకంటే గాలి +2.1, హద్దు +2.0. గేజ్ రీడింగ్‌ను పైనున్న పదో వంతుకు సవరిస్తారు, 2.01 వచ్చినా 2.1 అనే రాస్తారు. మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో ఆమె 13.23 చేసింది, గాలి −0.1, అది రికార్డయింది. ఆడవాళ్ల 100 మీటర్ల పరుగుకు చెప్పిన 0.12ను తీసుకొచ్చి 13.09కి కలిపినా 13.21 వస్తుంది. అంటే రెండు పరుగులూ ఇంచుమించు ఒకే విలువ చేస్తాయి. అయితే ఆ 0.12 కూడా హర్డిల్స్‌కు అరువు తెచ్చుకున్న అంకే. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్లు, అందులో మూడే అడుగులు పడాలి. వెనకగాలి తోస్తే అడుగు సాగిపోయి హర్డిల్ మరీ దగ్గరైపోతుంది, అడుగు కుదించుకోకపోతే కాలు తగులుతుంది. అందుకే హర్డిల్స్‌లో గాలి ఒక అమ్మాయికి ఇచ్చినంత టైమ్ పక్క లేన్‌లో ఉన్న అమ్మాయికి ఇవ్వదు.